శేష సిద్ధాంతంతో పెద్ద బహుపదుల విలువ: భాజకాన్ని ఎంచుకోవడంలోనే ఉంది పనితనం

p(x) = 2x⁷ − 7x⁶ − 3x⁵ + 5x³ − 22x² + 9x − 14 అనే బహుపదికి x = 4 దగ్గర విలువ కావాలనుకుందాం. నేరుగా ప్రతిక్షేపిస్తే ముందు 4² నుంచి 4⁷ దాకా ఘాతాలన్నీ కట్టుకోవాలి. తర్వాత వాటిని గుణకాలతో గుణించాలి. ఆ పైన 32768లోంచి 28672 తీసేసి, మళ్ళీ 3072 తీసేసి, ఇలా కూడికలు, తీసివేతలు చేస్తూ పోవాలి. చివరికి వచ్చే జవాబు 1014. నాలుగంకెల జవాబు కోసం ఐదంకెల సంఖ్యలతో కుస్తీ పట్టడం ఈ పద్ధతిలో ఉన్న అసలు ఇబ్బంది. గుణకారాలు ఎక్కువ కావడం ఒక్కటే కాదు, సంఖ్యలు అవసరానికి మించి పెరిగి, ఆ తర్వాత ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. చేతితో చేసేవారికి తప్పులు దొర్లేది అక్కడే.

తొమ్మిదో తరగతిలో చెప్పే శేష సిద్ధాంతం ఈ పనిని ఏడు చిన్న గుణకారాలకు కుదిస్తుంది. అయితే పాఠ్యపుస్తకంలో అది సాధారణంగా తిరగేసి కనిపిస్తుంది. "x − 4 తో భాగిస్తే వచ్చే శేషం కనుక్కోండి" అంటారు, మనం p(4) లెక్కవేసి జవాబు చెబుతాం. అంటే భాగహారాన్ని తప్పించుకోవడానికి ప్రతిక్షేపణ వాడతాం. ఇక్కడ మనం చేయబోయేది దానికి సరిగ్గా ఎదురు: ప్రతిక్షేపణను తప్పించుకోవడానికి భాగహారం చేస్తాం. బహుపది పెద్దదయ్యేకొద్దీ ఈ రెండో దారే చవక.

భాగఫలం ఎందుకు అక్కర్లేదు

ఏ బహుపదినైనా x − a తో భాగిస్తే

p(x) = (x − a)·q(x) + r

అని రాయవచ్చు. భాజకం పరిమాణం 1 కాబట్టి శేషం r లో x ఉండదు, అది వట్టి సంఖ్య. ఈ సమీకరణం x కి ఏ విలువ ఇచ్చినా నిజమే. x = a అని పెట్టగానే మొదటి పదంలోని x − a సున్నా అవుతుంది. q(a) ఎంత పెద్దదైనా ఆ సున్నాతో గుణించబడి మాయమవుతుంది. మిగిలేది p(a) = r.

ఈ రుజువును ఇంకోసారి చదివితే ఒక సంగతి కనిపిస్తుంది. అందులో వాడుకున్నది x − a అన్న రూపాన్ని కాదు, మనకు కావలసిన విలువ దగ్గర భాజకం సున్నా అవుతుందన్న ఒక్క విషయాన్ని. కాబట్టి ఆ విలువ దగ్గర సున్నా అయ్యే ఏ భాజకాన్నైనా తీసుకోవచ్చు. దీని ప్రయోజనం 2 + √3 వంటి విలువలు వచ్చినప్పుడు తెలుస్తుంది. ముందు మామూలు సంఖ్యలతో పని నేర్చుకుందాం.

x = 4 దగ్గర, అడుగడుగునా

మొదటి అడుగు గుణకాలను పెద్ద ఘాతం నుంచి చిన్న ఘాతానికి వరుసగా రాసుకోవడం. ఇక్కడ x⁴ పదం లేదు, దాని స్థానంలో 0 రాయాలి. మన వరుస ఇది: 2, −7, −3, 0, 5, −22, 9, −14. పరిమాణం 7 కాబట్టి సంఖ్యలు సరిగ్గా ఎనిమిది ఉండాలి. లెక్కపెట్టాకే ముందుకు కదలండి.

రెండో అడుగు మొదటి గుణకాన్ని అలాగే కిందికి దించడం. ఆ తర్వాత ప్రతిసారీ చేసేది ఒకటే పని: ఇప్పుడే కింద రాసిన సంఖ్యను 4 తో గుణించి, తర్వాతి గుణకం కింద రాసి, రెండింటినీ కలపాలి.

```
 4 |  2   -7   -3    0    5   -22     9    -14
   |       8    4    4   16    84   248   1028
   --------------------------------------------
      2    1    1    4   21    62   257 | 1014
```

మాటల్లో చెప్పుకుంటే: 2 నాలుగు రెట్లు 8, దానికి −7 కలిపితే 1. ఒకటి నాలుగు రెట్లు 4, −3 కలిపితే 1. మళ్ళీ 4, దానికి 0 కలిపితే 4. నాలుగు నాలుగులు 16, ఐదు కలిపితే 21. ఇరవై ఒకటి నాలుగు రెట్లు 84, అందులోంచి 22 పోతే 62. దాని నాలుగు రెట్లు 248, తొమ్మిది కలిపితే 257. చివరగా 1028లోంచి 14 పోతే 1014. ఇదే శేషం, కాబట్టి ఇదే p(4). దారి మొత్తంలో తగిలిన అతి పెద్ద సంఖ్య 1028.

గీత కింద 1014 కి ముందున్న సంఖ్యలు భాగఫలం గుణకాలు: 2x⁶ + x⁵ + x⁴ + 4x³ + 21x² + 62x + 257. విలువ కోసమే అయితే వీటిని పట్టించుకోనక్కర్లేదు. కానీ చెరిపేయకండి, కాసేపట్లో పనికొస్తాయి.

దీన్నే సింథటిక్ భాగహారం అనీ హార్నర్ పద్ధతి అనీ అంటారు. ఆంగ్ల గణితవేత్త విలియం జార్జ్ హార్నర్ పేరు దీనికి 1819లో వెలువడిన వ్యాసం వల్ల స్థిరపడింది. ఇటలీలో పావొలో రుఫీనీ 1804లోనే ఇలాంటి పద్ధతిని ఇచ్చాడు. చైనాలో చిన్ జియుషావ్ 1247లో రాసిన గ్రంథంలో పెద్ద పరిమాణపు సమీకరణాల సాధనకు ఇదే అమరికను వాడాడు. పేర్లు ఎప్పుడూ న్యాయంగా అతుక్కోవు.

భాగహారం అన్న మాట పక్కన పెట్టినా ఇదే లెక్క మరో వైపు నుంచి వస్తుంది. ప్రతి దశలో ఒక x ని బయటికి తీస్తూ పోతే బహుపది ఇలా మారుతుంది:

((((((2x − 7)x − 3)x + 0)x + 5)x − 22)x + 9)x − 14

లోపలి బ్రాకెట్టు నుంచి విప్పుకుంటూ వస్తే పైన కింది వరుసలో ఉన్న సంఖ్యలే ఒక్కొక్కటిగా వస్తాయి. క్యాలిక్యులేటర్ ఉన్నవారికి ఈ రూపం హాయి. మెమరీ బటన్ అక్కర్లేదు, మధ్యలో కాగితం మీద ఏదీ రాసుకోనక్కర్లేదు. సైంటిఫిక్ క్యాలిక్యులేటర్‌లో మాత్రం బ్రాకెట్లు లేకుండా మొత్తం ఒకే వరుసలో కొట్టకూడదు. అది కూడికకన్నా ముందు గుణకారం చేసేస్తుంది కనుక ఒక్కో బ్రాకెట్టు పూర్తవగానే `=` నొక్కాలి, ఆ తర్వాత `Ans` తో కొనసాగించాలి.

జవాబును పరీక్షించడం

ఈ పద్ధతిలో చాలామంది చేసే తప్పు లేని పదానికి 0 రాయడం మరిచిపోవడం. మన లెక్కలో ఆ సున్నా వదిలేస్తే వరుస 2, 1, 1, 9, 14, 65, 246 అని నడిచి, జవాబు 246 అని ఎంతో నమ్మకంగా వస్తుంది. చూడ్డానికి ఎక్కడా అనుమానం రాదు. కాబట్టి పరీక్ష ఒకటి చేతిలో ఉండాలి. ఆ పరీక్షను కూడా శేష సిద్ధాంతమే ఇస్తుంది.

p(x) − p(1) అనే బహుపది x = 1 దగ్గర సున్నా. కాబట్టి దాన్ని x − 1 నిశ్శేషంగా భాగిస్తుంది. గుణకాలు పూర్ణ సంఖ్యలైతే భాగఫలం గుణకాలు కూడా పూర్ణ సంఖ్యలే. x స్థానంలో 4 పెడితే p(4) − p(1) ని 3 భాగించాలి అని తేలుతుంది. p(1) అంటే గుణకాల మొత్తం, నోటితో చేసే లెక్క: 2 − 7 − 3 + 5 − 22 + 9 − 14 = −30. మన జవాబుతో తేడా 1014 + 30 = 1044, అది 3 తో పోతుంది.

ఇదే వాదాన్ని −1 తో చేస్తే p(4) − p(−1) ని 5 భాగించాలి. p(−1) కోసం బేసి ఘాతాల గుర్తులు మార్చి కలిపితే చాలు: −2 − 7 + 3 − 5 − 22 − 9 − 14 = −56. తేడా 1014 + 56 = 1070, అది 5 తో పోతుంది.

ఇప్పుడు సున్నా మరిచిన జవాబు 246 ని ఈ రెండింటితో చూడండి. మొదటి పరీక్షలో 246 + 30 = 276, అది 3 తో పోతుంది! అంటే తప్పు జవాబు ఉత్తీర్ణమైంది. కారణం సులభం: సున్నా ఉన్నా లేకున్నా గుణకాల మొత్తం మారదు. రెండో పరీక్షలో 246 + 56 = 302, అది 5 తో పోదు. సున్నా జారిపోతే పదాల సరి, బేసి స్థానాలు తారుమారవుతాయి కాబట్టి −1 పరీక్ష దాన్ని పట్టుకోగలిగింది. ఒకే పరీక్షకు సమయం ఉంటే −1 తో చేసేదే మేలని నా అభిప్రాయం. p(−1) ని అసలు బహుపదిలో ఘాతాలు చూస్తూ లెక్కవేయాలని మాత్రం మరవకండి. సున్నా లేని వరుసను చూస్తూ వేస్తే పరీక్షలోనూ అదే తప్పు దూరుతుంది.

ఈ పరీక్షలు నెగ్గితే జవాబు ఖాయంగా సరైనదని కాదు, నెగ్గకపోతే మాత్రం ఖాయంగా తప్పే. a = 2 అయితే మొదటి పరీక్ష దండగ, ఎందుకంటే ఏ సంఖ్యనైనా 1 భాగిస్తుంది.

రుణ విలువలు, భిన్నాలు

p(−3) కావాలంటే ఎడమ పక్కన −3 రాయాలి. భాజకం x + 3 అని ఇచ్చినప్పుడే గుర్తు మార్చే పని ఉంటుంది. విలువను నేరుగా ఇచ్చినప్పుడు ఉన్నదున్నట్టు రాయడమే. భాగహారం లెక్కలు చేసి చేసి అలవాటైనవారు ఇక్కడ అకారణంగా గుర్తు తిప్పేస్తుంటారు.

భిన్నానికీ ఇదే వరుస. 8x⁴ − 4x³ + 6x² − 5x + 1 కి x = 3/2 దగ్గర విలువ చూద్దాం. ఒకటిన్నర రెట్లు అంటే ఉన్నదానికి దానిలో సగం కలపడమే. 8 దించాం. ఒకటిన్నర రెట్లు 12, −4 కలిపితే 8. మళ్ళీ 12, ఆరు కలిపితే 18. పద్దెనిమిదికి ఒకటిన్నర రెట్లు 27, ఐదు పోతే 22. చివరికి 33, ఒకటి కలిపితే 34. భాజకాన్ని x − 3/2 బదులు 2x − 3 అనుకున్నా శేషం 34 మారదు, భాగఫలం మాత్రం సగమవుతుంది. ఇక్కడ గుణకాలు అనుకూలంగా ఉన్నాయి కాబట్టి భిన్నాలు తగల్లేదు. హారాలు పెరిగిపోతుంటే మొండికేయకుండా దశాంశాల్లోకి మారడం మంచిది.

పక్కింటి విలువ కూడా కావాలంటే

చెరిపేయవద్దన్న భాగఫలం ఇప్పుడు పనికొస్తుంది. p(x) = (x − 4)q(x) + 1014 ని అవకలనం చేసి x = 4 పెడితే p′(4) = q(4) వస్తుంది. అంటే కింది వరుసనే మళ్ళీ x − 4 తో భాగిస్తే ఆ బిందువు దగ్గర అవకలజం దొరుకుతుంది:

```
 4 |  2    1    1     4    21     62     257
   |       8   36   148   608   2516   10312
   ------------------------------------------
      2    9   37   152   629   2578 | 10569
```

p′(4) = 10569. దీనితో p(4.01) ని 1014 + 105.69 = 1119.69 అని అంచనా కట్టవచ్చు. అసలు విలువ సుమారు 1121.12. పెద్ద పరిమాణపు బహుపది ఎంత నిటారుగా లేస్తుందో ఈ చిన్న తేడా చెబుతుంది. న్యూటన్ పద్ధతిలో మూలాలు వెతికేవారికి ప్రతి దశలో p, p′ రెండూ కావాలి. ఈ రెండు వరుసలతో ఆ రెండూ సమకూరుతాయి.

x = 2 + √3 అయితే

ఇంటర్మీడియట్ విద్యార్థులకు తరచుగా ఎదురయ్యే రకం ఇది. x = 2 + √3 అయినప్పుడు

p(x) = x⁶ − 5x⁵ + 7x⁴ − 10x³ + 12x² − 9x + 4

విలువ ఎంత? పైన చేసినట్టే ఎడమ పక్కన 2 + √3 రాసి సింథటిక్ భాగహారం చేయవచ్చు, సిద్ధాంతం ఒప్పుకుంటుంది. కానీ ప్రతి దశలోనూ రెండు కరణులను గుణించాలి. ప్రతి గుణకారం నాలుగు చిన్న గుణకారాలుగా విడిపోతుంది. మొదట్లో చెప్పుకున్న సంగతి ఇక్కడ అక్కరకొస్తుంది: భాజకం x − (2 + √3) అయి తీరాలని లేదు, 2 + √3 దగ్గర సున్నా అయితే చాలు. పూర్ణ సంఖ్యలే గుణకాలుగా ఉండే అలాంటి భాజకాన్ని వెతకాలి.

అది దొరకడం తేలికే. x = 2 + √3 అంటే x − 2 = √3. రెండు వైపులా వర్గం చేస్తే x² − 4x + 4 = 3, అంటే x² − 4x + 1 = 0. మన భాజకం x² − 4x + 1.

ఇప్పుడు

p(x) = (x² − 4x + 1)·q(x) + (Ax + B)

భాజకం పరిమాణం 2 కాబట్టి శేషంలో x పదం ఉండవచ్చు. x = 2 + √3 దగ్గర మొదటి పదం పోతుంది, మిగిలేది A(2 + √3) + B. శేషాన్నే జవాబుగా రాసి వదిలేయడం ఇక్కడ మామూలుగా కనిపించే పొరపాటు. శేషమే విలువ అనేది పరిమాణం 1 ఉన్న భాజకానికి మాత్రమే. ఇక్కడ శేషంలో ఒక్కసారి ప్రతిక్షేపించాలి.

భాగహారానికి సింథటిక్ అమరికనే కొంచెం పొడిగిస్తాం. భాజకం సున్నా అయ్యే చోట x² = 4x − 1. అందుకని ఎడమ పక్కన 4, −1 అని రెండు సంఖ్యలు రాయాలి. కింద ఒక సంఖ్య రాగానే దాని 4 రెట్లు తర్వాతి నిలువు వరుసలో, −1 రెట్లు ఆ తర్వాతి నిలువు వరుసలో పడతాయి. భాగఫలం పూర్తయ్యే చోట, అంటే చివరి రెండు వరుసలకు ముందు, ఒక గీత గీసుకోవాలి.

```
        1   -5    7   -10    12  |   -9    4
  4          4   -4     8    -4  |   24
 -1              -1     1    -2  |    1   -6
    ------------------------------------------
        1   -1    2    -1     6  |   16   -2
```

మొదట 1 దించాం. దాని 4 రెట్లు −5 కింద, −1 రెట్లు 7 కింద రాశాం. రెండో వరుస కలిపితే −1. దాని 4 రెట్లు −4 వెళ్ళి 7 కింద, −1 రెట్లు అంటే 1 వెళ్ళి −10 కింద పడ్డాయి. మూడో వరుస 7 − 4 − 1 = 2. ఇలాగే నడిస్తే నాలుగోది −1, ఐదోది 6. ఐదోదాని 4 రెట్లు 24 గీత దాటి −9 కిందికి, −1 రెట్లు −6 చివరి 4 కిందికి వెళ్తాయి. గీత దాటాక వచ్చిన 16 ని మళ్ళీ 4 తో గుణించి చివరి వరుసలో వేయకూడదు, ఎందుకంటే అది భాగఫలంలో భాగం కాదు, శేషంలోది. చివరి నిలువు వరుసలో 4 రెట్ల గడి ఖాళీగా ఉండడానికి కారణం అదే.

శేషం 16x − 2. x = 2 + √3 పెడితే 32 + 16√3 − 2 = 30 + 16√3. వర్గమూలంతో చేయవలసిన పని మొత్తంలో అదొక్కటే.

ఇంకో జవాబు ఉచితంగా వచ్చింది. 2 − √3 కూడా అదే భాజకానికి మూలం కాబట్టి p(2 − √3) = 30 − 16√3, మళ్ళీ లెక్క అక్కర్లేదు.

పరీక్షకు రెండు దారులు ఉన్నాయి. భాగహారం సరిగ్గా జరిగిందా అన్నది x = 1 పెట్టి చూడవచ్చు. p(1) = 1 − 5 + 7 − 10 + 12 − 9 + 4 = 0. భాజకం 1 దగ్గర −2, భాగఫలం 1 − 1 + 2 − 1 + 6 = 7, శేషం 16 − 2 = 14. (−2)(7) + 14 = 0, సరిపోయింది. భాజకాన్నే తప్పుగా కట్టి ఉంటే ఈ పరీక్ష దాన్ని పట్టదు. దానికి దశాంశాల్లో ఒకసారి హార్నర్ వరుస నడపాలి. 3.732 తో 1, −1.268, 2.268, −1.536, 6.268, 14.39, 57.71 అని వస్తాయి. 30 + 16√3 కూడా దాదాపు 57.71.

సంకీర్ణ సంఖ్యలకు తేడా ఏమీ లేదు. x = 3 + 2i అయితే మూలాల మొత్తం 6, లబ్ధం 9 + 4 = 13, కాబట్టి భాజకం x² − 6x + 13. ఎడమ పక్కన 6, −13 రాసుకుని పూర్తిగా వాస్తవ సంఖ్యలతో భాగించి, చివర్లో శేషంలో మాత్రం i ని తేవాలి. బహుపది గుణకాలు వాస్తవ సంఖ్యలైతేనే ఇది లాభం. గుణకాల్లోనే i ఉంటే పద్ధతి తప్పు కాదు గానీ ఆదా తగ్గుతుంది.

√2 + √3 వంటి విలువ వస్తే భాజకం నాలుగో పరిమాణానికి ఎగబాకుతుంది: x⁴ − 10x² + 1. శేషం మూడో పరిమాణం దాకా ఉండవచ్చు. అలాంటప్పుడు ఐదో పరిమాణం బహుపదికి ఈ శ్రమ అనవసరం, పదిహేనో పరిమాణానికైతే తప్పకుండా చేయాలి.

చిన్న భాజకమే మేలని లేదు

1 యొక్క సంకీర్ణ ఘనమూలం ω దగ్గర x¹⁰⁰ + 3x⁵⁰ − 2x²⁵ + 7 విలువ కావాలి. ω దగ్గర సున్నా అయ్యే అతి చిన్న భాజకం x² + x + 1. దానితో వంద పరిమాణపు బహుపదిని భాగించడానికి కూర్చుంటే పొద్దు గూకుతుంది. దానికన్నా పెద్దదైన x³ − 1 కూడా ω దగ్గర సున్నాయే. దానితో భాగించడమంటే x³ ఉన్న చోటల్లా 1 రాయడమే, అంటే ఘాతాంకాన్ని 3 తో భాగించి శేషం మాత్రం ఉంచుకోవడం. 100 కి శేషం 1, 50 కి 2, 25 కి 1. బహుపది 3x² − x + 7 కి కుంచించుకుపోయింది. ఇక ω² = −1 − ω వాడితే −3 − 3ω − ω + 7 = 4 − 4ω.

1 + i కి ఇలాంటిదే మరో సదుపాయం ఉంది. (1 + i)² = 2i, దాని వర్గం −4. కాబట్టి x⁴ + 4 భాజకం అవుతుంది, x⁴ ఉన్న ప్రతిచోటా −4 రాయవచ్చు. x²⁰ అంటే (−4)⁵ = −1024. x² − 2x + 2 చిన్న భాజకమే, కానీ పెద్ద ఘాతాలకు x⁴ + 4 ముందు అది నిలవదు. భాజకంలో పదాలు ఎన్ని తక్కువ ఉంటే అంత మంచిది. పరిమాణం కొంత పెరిగినా ఫరవాలేదు.

ఈ పద్ధతి ఎక్కడ ఆగుతుంది

గుణకాలు ఏవైనా కావచ్చన్న సాధారణ బహుపదికి, గుణకాలతో ముందుగా ఏ సన్నాహం చేసుకోకుండా విలువ కట్టాలంటే, n పరిమాణానికి n గుణకారాలకన్నా తక్కువలో కుదరదు. ఒస్ట్రోవ్‌స్కీ 1954లో లేవనెత్తిన ఈ ప్రశ్నను విక్టర్ పాన్ 1966లో పూర్తిగా తేల్చాడు. కానీ చాలా పదాలు లేని బహుపదికి ఇది వర్తించదు. x¹⁰⁰ − 5x + 2 కి x = 3 దగ్గర విలువ కోసం మధ్యలో తొంభై ఎనిమిది సున్నాలు పెట్టుకుని హార్నర్ వరుస నడిపితే, అది మూడును వందసార్లు గుణించడమే. అక్కడ వర్గాలు చేసుకుంటూ పోవాలి: 3², 3⁴, 3⁸, 3¹⁶, 3³², 3⁶⁴ కట్టడానికి ఆరు గుణకారాలు, 100 = 64 + 32 + 4 కాబట్టి కలపడానికి ఇంకో రెండు. 3¹⁰⁰ కి ఎనిమిదితో సరి.

కంప్యూటర్‌లో హార్నర్ వరుస ఐదు పంక్తుల పని:

```python
def viluva(gunakalu, a):
    s = 0
    for c in gunakalu:
        s = s * a + c
    return s

print(viluva([2, -7, -3, 0, 5, -22, 9, -14], 4))   # 1014
```

పూర్ణ సంఖ్యలిస్తే పైథాన్ కచ్చితమైన జవాబే ఇస్తుంది. దశాంశాల దగ్గర జాగ్రత్త అవసరం. (x − 2)⁹ ని విస్తరిస్తే గుణకాలు 1, −18, 144, −672, 2016, −4032, 5376, −4608, 2304, −512. x = 2.001 దగ్గర అసలు విలువ 10⁻²⁷. విస్తరించిన గుణకాలతో `viluva` నడిపితే ఆ సంఖ్య ఛాయలకు కూడా రాదు, గుర్తు కూడా తలకిందులు కావచ్చు. పద్ధతిలో దోషం లేదు. కంప్యూటర్ దశాంశ సంఖ్యలో దాదాపు పదహారు అంకెలే నిలుస్తాయి. వేలల్లో ఉన్న పదాలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాక మిగిలేది ఆ పదహారో అంకె దగ్గరి చెత్త మాత్రమే.

ఇలాంటి ప్రమాదాన్ని ముందే పసిగట్టడానికి ఒక ఉపాయం ఉంది. గుణకాలన్నిటికీ రుణ గుర్తులు తీసేసి, x కి కూడా గుర్తు తీసేసి, అదే వరుసను ఇంకోసారి నడపండి. మన ఉదాహరణలో x = 2 దగ్గర అది 4⁹ = 262144 వస్తుంది, 2.001 దగ్గర కూడా దాదాపు అంతే. దాన్ని 10⁻¹⁶ తో గుణిస్తే స్థూలంగా 10⁻¹¹ స్థాయి. ఇంతకన్నా చిన్న జవాబు ఏది వచ్చినా దాన్ని నమ్మకూడదు. x = 4 దగ్గర అదే బహుపది విలువ 2⁹ = 512. అక్కడ గుర్తులు తీసేసిన మొత్తం 6⁹, అంటే కోటికి కాస్త ఎక్కువ. దాన్ని 10⁻¹⁶ తో గుణించినా వచ్చే తప్పు 10⁻⁹ దరిదాపుల్లో ఉంటుంది, 512 ముందు అది లెక్కలోది కాదు. x 2 కి చేరువ కావలసి వస్తే మాత్రం విస్తరించిన రూపాన్ని వదిలి, (x − 2)⁹ గానే ఉంచి లెక్కవేయాలి.